పరుగు బాటకు నిధులు అడిగేటప్పుడు

ఊరి హైస్కూల్ మైదానంలో 400 మీటర్ల మట్టి ట్రాక్ కావాలనుకుందాం. గ్రాంటు దరఖాస్తులో 'ఎందుకు' అనే భాగమే కీలకం.

బడ్జెట్ కొలతతో మొదలవ్వాలి. ఒక్కో లేను 1.22 మీటర్ల చొప్పున నాలుగు లేన్లంటే దాదాపు 2,000 చదరపు మీటర్లు. 15 సెంటీమీటర్ల మందాన గ్రావెల్ పరిస్తే 300 ఘనపు మీటర్లు పడుతుంది. రోలర్ తొక్కితే అది అణుగుతుంది కాబట్టి తోలించేది పాతిక శాతం ఎక్కువే ఉండాలి. ఈ లెక్కను ప్రభుత్వ రేట్ల పట్టికతో గుణిస్తే అంచనా నిలుస్తుంది. చాలామంది మరిచేది పక్క కాలువ. అది లేకపోతే తొలి వానకే లోపలి లేను కోసుకుపోతుంది. ఏటా రోలింగ్‌కు, కలుపు తీతకు ఎవరు ఖర్చు పెడతారో కూడా రాయాలి.

వాడేవాళ్ల సంఖ్యను ఊహించి రాయకూడదు. వారం రోజులు ఉదయం, సాయంత్రం మైదానం దగ్గర నిలబడి నడిచేవాళ్లను, కానిస్టేబుల్ పరీక్షకు పరిగెత్తే కుర్రాళ్లను, ఆడపిల్లలను విడివిడిగా లెక్కపెట్టాలి. సాయంత్రం ఆడవాళ్లు రాకపోతే కారణం చీకటే కావచ్చు. అప్పుడు దీపాల ఖర్చుకు ఆధారం దొరికినట్టే.

ప్రయోజనం కొలవగలిగేదై ఉండాలి. 'ఊళ్లో షుగరు తగ్గుతుంది' అని రాస్తే నిరూపించలేం. 1,600 మీటర్లంటే సరిగ్గా నాలుగు చుట్లు. ఆరు నెలల ముందూ వెనకా అభ్యర్థుల టైమింగులు నమోదు చేస్తామంటే నిధులిచ్చేవారు సరిచూసుకోగలరు.