లాసెట్ రాసే ముందు ఒక రోజు కోర్టులో

ఇంటర్ అయ్యాక ఐదేళ్ల లా కోర్సులో చేరదామనుకునే పిల్లలకు లాయరు పని గురించి తెలిసింది చాలావరకు సినిమాల్లో చూసిందే. జిల్లా కోర్టుకు ఉదయం పదిన్నరకు వెళ్తే కనిపించేది వేరు. బెంచ్ క్లర్క్ కేసులు పిలుస్తుంటాడు. లాయర్లు లేచి రెండు ముక్కలు చెబుతారు, జడ్జి వాయిదా తేదీ వేస్తారు, తర్వాతి కేసు. దీన్నే కాల్ వర్క్ అంటారు. ఈ పనితో చాలా రోజులు గడపగలనా లేదా అన్నది ఫీజు కట్టకముందే తెలుసుకోవచ్చు.

కోర్టు హాల్లో కూర్చోవడానికి సాధారణంగా ఎవరి సిఫారసూ అక్కర్లేదు. నేర విచారణ జరిగే చోటు బహిరంగ న్యాయస్థానమేనని భారతీయ నాగరిక సురక్షా సంహిత 366వ సెక్షన్ చెబుతోంది. అత్యాచారం వంటి కేసులను మాత్రం తలుపులు మూసి విచారిస్తారు. జడ్జి అవసరమనుకుంటే మిగతా కేసుల్లోనూ జనాన్ని బయటికి పంపవచ్చు.

మరి లాయరును అడగాల్సిన పనేముంది? ఆయన ఆఫీసు చూడటానికి. హాల్లో కనిపించేది పనిలో చిన్న ముక్క, మిగిలినదంతా ఫైళ్ల మధ్య జరుగుతుంది. అందుకని అడిగేటప్పుడు ఏం చూడాలనుకుంటున్నారో విడమరిచి అడగాలి. హన్మకొండలో ఇంటర్ రాసిన ఒక అమ్మాయి ఇలా మెసేజ్ పెట్టిందనుకుందాం:

“నమస్కారం సర్. ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాశాను, లాసెట్‌కి చదువుతున్నాను. మీకు సాక్షి క్రాస్ ఉన్న రోజు చూసుకుని, ఆ ఒక్క రోజు ఉదయం ఆఫీసు నుంచి సాయంత్రం వరకు మీ వెంట ఉండి చూడనిస్తారా? క్లయింట్లు మాట్లాడేటప్పుడు బయట కూర్చుంటాను. ఫోన్ తీయను. ఏప్రిల్‌లో మీకు వీలైన రోజు చెప్పండి సర్.”

ఈ మెసేజ్‌లో ప్రతి వాక్యానికీ కారణం ఉంది. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులుంటాయి, అందుకే ఏప్రిల్. క్లయింట్ తన లాయరుకు చెప్పిన మాటలకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అది లాయరు గుమస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుంది గానీ చూడటానికి వచ్చిన విద్యార్థి ఆ లెక్కలోకి రాదు. ఆమె ఎదుట క్లయింట్ నోరు విప్పితే రేపు ఆ మాటకు రక్షణ ఉందా అన్న తగువు రావచ్చు. బయట కూర్చుంటానని ముందే చెబితే లాయరుకు ‘సరే రామ్మా’ అనడం తేలిక. ఇక ఎవరిని అడగాలంటే, పేరున్న హైకోర్టు సీనియర్ కన్నా కింది కోర్టులో రోజూ సాక్షులను ప్రశ్నించే లాయరే నయం. హైకోర్టులో వాదన ఎక్కువ, సాక్షుల విచారణ అరుదు.

ఆ రోజు ఉన్నది చెక్ బౌన్స్ కేసు అనుకుందాం. ఉదయం జూనియర్ ఒక కాగితం మీద తేదీలు రాసుకుంటాడు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు. అది దాటాక నెలలోపు కోర్టుకు రావాలి. బ్యాంకు మెమో, పోస్టాఫీసు రసీదు, ఫిర్యాదు మీది ముద్ర పక్కపక్కన పెట్టి ఒకటికి రెండుసార్లు చూస్తాడు. మధ్యాహ్నం బోనులో ఉన్న సాక్షిని సీనియర్ “నోటీసు ఏ రోజు పంపారు?” అని తాపీగా అడిగినప్పుడు, ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో పొద్దున ఆఫీసులో కూర్చున్న అమ్మాయికి తెలుస్తుంది. హాల్లో మాత్రమే కూర్చున్నవారికి అది ఉత్త ప్రశ్న.

సాక్షి రాకపోవచ్చు కూడా. అప్పుడు పొద్దున్నంతా చేసిన తయారీ వాయిదాలో కలిసిపోతుంది. ముందు రోజు సాయంత్రం ఈకోర్ట్స్ సైట్‌లో కాజ్ లిస్ట్ చూస్తే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది గానీ సాక్షి వస్తాడో లేదో అందులో ఉండదు. అలా జరిగిందని ఆ రోజు వృథా అయినట్టు కాదు, ఈ వృత్తిలో అదీ మామూలే. మళ్లీ ఇంకో రోజు అడగడంలో తప్పు లేదు. బట్టల విషయంలో ఒక జాగ్రత్త: తెలుపు, నలుపు కలిపి వేసుకెళ్తే లాయరనుకుని ఎవరైనా కాగితం చేతిలో పెట్టగలరు!

సీనియర్‌ను అడగలేని ప్రశ్న ఒకటుంది, డబ్బు గురించి. దాన్ని క్యాంటీన్‌లో టీ తాగుతూ జూనియర్‌ను అడగాలి. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. కాబట్టి “మీకెంత ఇస్తారన్నా?” కన్నా “మొదటి రెండేళ్లు ఇల్లు ఎలా గడిచిందన్నా?” అని అడిగితే నిజమైన జవాబు దొరుకుతుంది.