ఎనిమిదో సర్వర్

2012 ఆగస్టు 1, బుధవారం. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో ఉదయం 9:30కి గంట మోగింది. నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ కంప్యూటర్లు మామూలుగానే ఆర్డర్లు పంపడం మొదలుపెట్టాయి. ముప్పావు గంట గడిచేసరికి ఆ సంస్థ చేతిలో ఎవరూ కోరని షేర్లు కుప్పపడ్డాయి. 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి, దాదాపు 40 కోట్ల షేర్లు చేతులు మారాయి. ఇంతకీ ఖాతాదారుల నుంచి వచ్చినవి 212 ఆర్డర్లే. లెక్క తేలాక నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఆ ఉదయం జరిగినదంతా పూసగుచ్చినట్టు రాసి ఉంది. నడుస్తున్న ట్రేడింగ్ ప్రోగ్రామ్‌లో చిన్న విలువ మార్చేవాళ్లు కూడా చదవాల్సిన కాగితం అది. అందులో ఉన్నది చెడ్డ స్ట్రాటజీ కథ కాదు. ఏ యంత్రంలో ఏది నడుస్తోందో ఎవరికీ తెలియకుండాపోయిన కథ.

ఆర్డర్లను మార్కెట్‌కు చేరవేసే పని నైట్‌లో ఎనిమిది సర్వర్లది. ఎక్స్చేంజ్ కొత్తగా తెస్తున్న ఒక పథకం కోసం వాటిలో కొత్త కోడ్ పెట్టాలి. జులై 27 నుంచి విడతలుగా పెట్టారు. ఏడింటిలో పెట్టిన ఉద్యోగి ఎనిమిదో దాంట్లో పెట్టడం మరిచిపోయాడు. ఇంకో మనిషి సరిచూసే పద్ధతి అక్కడ లేదు. ఆ ఎనిమిదో సర్వర్లో ‘పవర్ పెగ్’ అనే పాత కోడ్ అలాగే ఉండిపోయింది. 2003లోనే దాన్ని వాడటం మానేశారు కానీ తీసేయలేదు. పెద్ద ఆర్డరును చిన్న చిన్న ఆర్డర్లుగా విడగొట్టి పంపేటప్పుడు ‘ఇక చాలు, సరిపోయింది’ అని లెక్కచెప్పే భాగాన్ని 2005లో వేరే చోటికి మార్చారు. ఆ తర్వాత పవర్ పెగ్‌కు ఆగడం తెలియదు.

అయినా అది నిద్రపోతూనే ఉండేది. దాన్ని లేపింది ఒక పాత మీట. కొత్త కోడ్‌ను నడిపించడానికి, ఒకప్పుడు పవర్ పెగ్‌ను నడిపించిన ఫ్లాగ్‌నే మళ్లీ వాడుకున్నారు. ఏడు సర్వర్లకు ఆ ఫ్లాగ్ అంటే కొత్త పథకం. ఎనిమిదోదానికి పవర్ పెగ్.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు నలిపితే చాలంటారు మన ఇళ్లలో. ఒకే కుండలో అన్నమంతా ఒకే నీటిలో ఉడుకుతుంది కాబట్టి అది చెల్లుతుంది. ఎనిమిది సర్వర్లంటే ఎనిమిది కుండలు. ఏడింటిని నలిపి చూసినా ఎనిమిదోదాని సంగతి తెలియదు.

ఆ రోజు మరో తప్పు కూడా జరిగింది. గోల ఎక్కడినుంచి పుడుతోందో తెలియక, కొత్త కోడే కారణమనుకుని సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. అంటే ఆ ఏడింటికీ పాత కోడ్ తిరిగి వచ్చింది, ఫ్లాగ్ మాత్రం వేసే ఉంది. ఒక చోట ఉన్న మంట ఎనిమిది చోట్లకు పాకింది. వెనక్కి వెళ్లడం కూడా ఒక మార్పే. ముందుకు వెళ్లేటప్పుడు పడే జాగ్రత్తలన్నీ దానికీ కావాలి.

ఇప్పుడు చిన్న స్థాయిలో ఇదే పని ఎలా చేయాలో చూద్దాం. ఒక చిన్న సంస్థ ఎనిమిది యంత్రాలపై ఒక స్ట్రాటజీ నడుపుతోందనుకుందాం. షేరు ధర తన సగటు కంటే 0.40 శాతం తగ్గితే కొనాలి, సగటుకు తిరిగొస్తే అమ్మాలి. అవకాశాలు తక్కువ వస్తున్నాయని ఆ 0.40ను 0.30కి తగ్గించాలనుకున్నారు. వెయ్యి రూపాయల షేరుకు ఇది నాలుగు రూపాయల తేడా నుంచి మూడు రూపాయలకు రావడం. ఇలాంటి అంకెలు ప్రోగ్రామ్ లోపల కాకుండా విడిగా ఒక కాన్ఫిగ్ ఫైల్లో ఉంటాయి:

```yaml
schema: 3
version: 42
entry_pct: 0.30
order_qty: 100
max_position_qty: 500
```

కంగారులో ఎవరైనా 0.30 బదులు 0.03 అని కొట్టారనుకోండి. వెయ్యి రూపాయల షేరుకు అది ముప్పై పైసలు. మార్కెట్ తెరిచి ఉన్నంతసేపూ షేరు ఊపిరి తీసినట్టు ముప్పై పైసలు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ప్రోగ్రామ్‌కు అది తప్పు అంకెలా కనిపించదు. చెప్పినట్టే కొంటుంది, అమ్ముతుంది, ప్రతిసారీ బ్రోకరేజీ, పన్నులు కడుతుంది. కాబట్టి ఫైలు యంత్రాలకు చేరకముందే దాన్ని తనిఖీ చేసే చిన్న ప్రోగ్రామ్ ఉండాలి. `entry_pct` 0.20కీ 0.80కీ మధ్య లేకపోతే ఆపేయాలి. పాత వెర్షన్‌తో పోల్చి, ఒకేసారి ముప్పై శాతానికి మించి మారితే ఇంకో మనిషి సంతకం అడగాలి. 0.40 నుంచి 0.30 అంటే 25 శాతం, అది దాటుతుంది. 0.03 మాత్రం మొదటి గడపలోనే ఆగిపోతుంది.

ఫైల్లో మొదటి వరుస `schema: 3` చిన్నదే కానీ నైట్ కథ మొత్తం అందులో ఉంది. ఈ ఫైల్లోని పేర్లకు ఏ అర్థం చెప్పుకోవాలో తెలిపే సంఖ్య అది. ఏదైనా పేరు అర్థం మారినప్పుడు ఆ సంఖ్య పెరుగుతుంది. పాత ప్రోగ్రామ్‌కు రెండు వరకే తెలిస్తే, మూడు చూడగానే అది నడవనని మొరాయించాలి. తెలియని పేరు కనిపించినా అంతే. ఊహించి నడవడం కన్నా ఆగిపోవడం చౌక. వాడటం మానేసిన పేరుకు కొత్త అర్థం అంటగట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు, పేర్లకు కొరతేమీ లేదు.

ప్రతి మార్పూ గిట్‌లో నమోదవుతుంది: ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు, ఎవరు చూశారు. అయితే గిట్‌లో ఉన్నది 42 కాబట్టి యంత్రంలో నడుస్తున్నదీ 42 అనుకోవడం ప్రమాదం. ఫైలు చేరకపోవచ్చు, చేరినా ప్రోగ్రామ్ తిరిగి చదవకపోవచ్చు. అందుకే నడుస్తున్న ప్రోగ్రామే తన జ్ఞాపకంలో ఉన్న వెర్షన్ సంఖ్యనూ, ఫైలు వేలిముద్ర లాంటి హ్యాష్‌నూ కొన్ని సెకన్లకోసారి బయటికి చెప్పాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా హ్యాష్ వేరే వస్తుంది. పంపే ప్రతి ఆర్డరు పక్కన కూడా ఆ వెర్షన్ సంఖ్య లాగ్‌లో పడాలి. అప్పుడు తెరపై ఎనిమిది వరుసలుంటాయి. ఎనిమిదింటిలోనూ ఒకే హ్యాష్ ఉందో లేదో చిన్నపిల్లాడైనా చెప్పగలడు.

ఫైలు పెట్టే తీరులో కూడా ఒక మెలిక ఉంది. ప్రోగ్రామ్ చదువుతున్న ఫైలునే తెరిచి రాస్తుంటే, సగం రాసిన ఫైలును అది చదివేసే అవకాశం ఉంది. పక్కన వేరే పేరుతో పూర్తిగా రాసి, ఆఖర్న పేరు మారుస్తారు. రెండూ ఒకే డిస్కు విభాగంలో ఉంటే ఆ పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది:

```
mv live.yaml.new live.yaml
```

ఇక విడతల సంగతి. మొదటి రోజు 42 ఉత్తుత్తినే నడుస్తుంది. లెక్కలన్నీ వేస్తుంది, ఏ ఆర్డరు పంపేదో లాగ్‌లో రాస్తుంది, పంపదు. పాతది ఒక షేరులో గంటకు 40 ఆర్డర్లు పంపుతుంటే కొత్తది 55 పంపేదని తేలిందనుకుందాం. ఆ అంకెను పట్టుకుని రెండో రోజు ఒక్క యంత్రంలో, ఒక్క షేరులో, వందకు బదులు పది షేర్లతో నిజంగా వదులుతారు. గంటకు 80 ఆర్డర్లు దాటితే దానంతటదే ఆగాలని ముందే రాసి పెట్టుకుంటారు. ముందే రాయడం ముఖ్యం, ఎందుకంటే డబ్బు కదులుతున్నప్పుడు మనిషి ‘ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం’ అంటాడు. ఆ తర్వాత రెండు యంత్రాలు, ఆపైన అన్నీ.

ఈ విడతల నుంచి ఏం ఆశించకూడదో కూడా చెప్పాలి. పది షేర్లతో ఒక రోజు నడిపి లాభం వచ్చింది కాబట్టి 0.30 మంచిదని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒక్క రోజు లావాదేవీల్లో వచ్చే లాభనష్టాలు చాలావరకు అదృష్టం మీద ఆధారపడి ఉంటాయి. విడతలు చెప్పేది ఏదైనా విరిగిందా లేదా అన్నది మాత్రమే. పైగా పది షేర్ల ఆర్డరు మార్కెట్‌ను కదిలించదు, పది వేల షేర్లది కదిలిస్తుంది. ఆ దెబ్బ చిన్న విడతలో కనిపించదు కాబట్టి పరిమాణం పెంచిన ప్రతిసారీ అనుకున్న ధరకూ దొరికిన ధరకూ ఉన్న తేడాను మళ్లీ కొలవాలి.

42 చెడిందనుకుందాం. మొదటి పని పాత ఫైలు పెట్టడం కాదు, కొత్త ఆర్డర్లు ఆపడం. ఆ ఆపే మీట, గరిష్ఠ పరిమితులు ఈ ఫైలుకు బయట, వేరే ప్రోగ్రామ్‌లో ఉండాలి. ఫైలే తప్పయితే అందులోని `max_position_qty` కూడా తప్పే కావచ్చు కదా. ఆగాక, ఎనిమిది యంత్రాల్లో ఏది ఏ వెర్షన్‌లో ఉందో చూసి, ఆ తర్వాతే వెనక్కి:

```
git revert --no-edit HEAD
```

వచ్చే ఫైల్లో అంకెలు 41వే అయినా దాని వెర్షన్ సంఖ్యను 43గా దిద్దుతారు. సంఖ్య ఎప్పుడూ వెనక్కి నడవదు, లేకపోతే లాగ్‌లో రెండు వేర్వేరు 41లు కనిపించి లెక్క గందరగోళమవుతుంది.

ఫైలు వెనక్కి వచ్చినా కొన్న షేర్లు వెనక్కి వెళ్లవు. 42 కొన్న 70 షేర్లు చేతిలోనే ఉంటాయి. వాటిని ఏ నియమం ప్రకారం అమ్మాలి? ప్రతి కొనుగోలు పక్కన దాన్ని పుట్టించిన వెర్షన్ సంఖ్య ఉంటే, వాటిని విడదీసి మనిషే ఒక నిర్ణయం తీసుకోగలడు. ఆ రోజు నైట్ చేతిలో మిగిలిన షేర్లు ఒక వైపు సుమారు 350 కోట్ల డాలర్లవి, అరువు అమ్మకాలు మరో వైపు 315 కోట్ల డాలర్లవి. ప్రోగ్రామ్ ఆగాక కూడా ఆ బరువు అలాగే ఉంది. నష్టానికి అసలు రూపం అదే.

మన దేశంలో సెబీ 2025 ఫిబ్రవరి 4న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్రోకర్లు చిన్న మదుపరులకు అందించే ప్రతి అల్గోకూ ఎక్స్చేంజ్ అనుమతి కావాలి, ఆమోదం పొందిన అల్గోను మార్చాలన్నా అంతే. 0.40ను 0.30 చేయడం విలువ మార్పా, అల్గో మార్పా అన్నది బ్రోకరుతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు. గిట్ చరిత్ర చేతిలో ఉంటే ఆ సంభాషణ పది నిమిషాల్లో అయిపోతుంది.

నైట్‌కు ఆ ఉదయం హెచ్చరిక రాకపోలేదు. 8:01 నుంచి గంట మోగేలోపు లోపలి యంత్రాలు 97 ఈమెయిళ్లు పంపాయి, వాటిలో పవర్ పెగ్ పేరు కూడా ఉంది. వాటిని హెచ్చరికలుగా తయారుచేయలేదు కాబట్టి ఎవరూ వాటి మీద కదల్లేదు. మన ఉదాహరణలోని సంస్థలో ఉదయం 9 గంటలకు తెర మీద ఏడు వరుసల్లో 42, ఒక వరుసలో 41 ఉంటే, 9:15కి మార్కెట్ తెరుచుకునేలోపు ఆ ఎనిమిదో యంత్రంలో స్ట్రాటజీ దానంతటదే మూతపడి ఉంటుంది. మిగతా ఏడింటిని నడపాలా వద్దా అని ఆలోచించడానికి వాళ్లకు పదిహేను నిమిషాలుంటాయి.