తవుడుతో పోయే విటమిన్

ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి బాగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినేచోట్ల అంతగా కనిపించేది కాదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పై పొరలోని థయమిన్, అంటే బి1 విటమిన్, గింజ లోపలికి ఇంకుతుంది. పచ్చి బియ్యాన్ని తెల్లగా మరపట్టిస్తే అది తవుడుతోపాటు పోతుంది. మిగిలిందాంట్లో కొంత కడుగునీళ్లతో, గంజితో పోతుంది.

అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా, తర్వాత పైరువేట్‌గా మారుతుంది. పైరువేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి, మిగిలిన భాగాన్ని శక్తి తయారయ్యే దారిలోకి పంపే ఎంజైముకు థయమిన్ పైరోఫాస్ఫేట్ తోడుండాలి. అది ఆ మిగిలిన భాగాన్ని కాసేపు తనకు అతికించుకుని ముందుకు అందిస్తుంది. ఇదే సహ ఎంజైము పని. అది లేకపోతే పైరువేట్ పేరుకుని లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, కణానికి శక్తి చాలదు.

నరాలు ఎక్కువగా గ్లూకోజ్ మీదే బతుకుతాయి. అందులోనూ పొడవైనవి ముందు దెబ్బతింటాయి. అందుకే మంటలు, తిమ్మిర్లు పాదాల్లో మొదలవుతాయి. గొంతుక్కూర్చున్న మనిషి చేతుల ఆసరా లేకుండా లేవలేకపోతే వైద్యులు అనుమానిస్తారు. గుండె దెబ్బతింటే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది.

ఒంట్లో నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే. రెండు మూడు వారాల్లో తరిగిపోతుంది. మద్యం ఎక్కువగా తాగి, తిండి మానేసినవారికి ఇంకో ప్రమాదముంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి, మెదడు దెబ్బతినొచ్చు. అలాంటివారికి థయమిన్ ఇంజెక్షన్ ముందు గానీ, గ్లూకోజ్‌తోపాటు గానీ ఇస్తారు. గుండె ఇబ్బంది గంటల్లో, రోజుల్లో తగ్గుతుంది. నరాలకు నెలలు పడుతుంది, కొన్ని పూర్తిగా కోలుకోవు.