షుగర్ ఉన్న పాప ఫోన్: ప్రిన్సిపల్‌కు ఈమెయిల్ ఎలా రాయాలి

టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లల జబ్బకు అతికించే గ్లూకోజ్ సెన్సర్ తన రీడింగ్‌ను బ్లూటూత్‌తో ఫోన్‌కు పంపుతుంది. షుగర్ 70 కన్నా తగ్గితే ఫోన్ అలారం మోగిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనేమో 2023లో బడుల్లో విద్యార్థుల ఫోన్లను ప్రభుత్వం నిషేధించింది. అందుకని తల్లిదండ్రులు ప్రిన్సిపల్‌కు ఈమెయిల్ రాయవలసి వస్తుంది. మినహాయింపు కోసం బతిమాలడం కన్నా, బడి వేళల్లో ఆ ఫోన్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో రాస్తే పని త్వరగా తెములుతుంది.

ఆరో తరగతి పాప, ఆండ్రాయిడ్ ఫోన్, బడి 8:45 నుంచి 3:45 వరకు అనుకుందాం. ఈమెయిల్‌లో మొదట జబ్బు పేరు, డాక్టరు ఉత్తరం జతచేసిన సంగతి రెండు వాక్యాల్లో చెప్పాలి. ఆ వెంటనే సెట్టింగులు: "Family Link యాప్‌లో బడి వేళలంతా Downtime పెట్టాం. సెన్సర్ యాప్ ఒక్కటే Always allowed జాబితాలో ఉంది. సిమ్ తీసేశాం. ఇంకే యాప్ తెరవబోయినా తెరుచుకోదు, మీరే నొక్కి చూడవచ్చు." టీచరు తనంతట తాను సరిచూసుకోగలగడమే ఈ ప్రతిపాదనకు బలం. సిమ్ లేకున్నా అలారానికి ఢోకా లేదు, దానికి బ్లూటూత్ చాలు. అయితే అమ్మానాన్నలు దూరం నుంచి రీడింగ్ చూసే వీలు పోతుంది. అది కావాలనుకుంటే సిమ్ ఉంచి, కారణం కూడా రాయాలి.

తర్వాత ఫోన్ ఎక్కడ ఉండాలన్నది. స్టాఫ్‌రూమ్ బీరువాలో పెడతామని బడి అనడం మామూలే. కానీ బ్లూటూత్ అందేది ఆరు నుంచి పది మీటర్ల దాకా, గోడ అడ్డొస్తే ఇంకా తక్కువ. ఫోన్ ఆఫ్ చేసి ఇవ్వమన్నా అదే ఇబ్బంది. కాబట్టి టీచరు బల్లమీద ఉంచమని అడగడం మేలు. దూరమైతే ఫోన్ మౌనంగా ఉండిపోదు, కొంతసేపటికి సిగ్నల్ పోయిందని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను కూడా ఆన్‌లో ఉంచాలి.

రెండు సెట్టింగులు మాత్రం మరిచిపోతుంటారు. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ వెనకాల నడిచే యాప్‌ను ఆపేయవచ్చు, కనుక సెన్సర్ యాప్‌కు బ్యాటరీ సెట్టింగ్‌లో Unrestricted ఎంచుకోవాలి. Do Not Disturb పెడితే అందులోనూ ఆ యాప్‌కు మినహాయింపు ఉండాలి. ఇవన్నీ కలిసి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఓ ఆదివారం ఇంట్లోనే Downtime నడిపి చూశాకే ఈమెయిల్ పంపాలి. అలారం మోగే గీటును కాసేపు పైకి జరిపితే అది మోగుతుందో లేదో తేలిపోతుంది.

చివరి పేరాలో మోగినప్పుడు ఏం చేయాలో రాయాలి: పాపకు పదిహేను గ్రాముల గ్లూకోజ్, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ రీడింగ్. సెన్సర్ అంకె రక్తంలోని షుగర్ కన్నా కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. అందువల్ల అలారం మోగకున్నా పాపకు వణుకు, చెమట కనబడితే సంచిలోని గ్లూకోమీటర్‌తో చూడమనీ, అది చేతికి అందకపోతే ఆగకుండా గ్లూకోజ్ ఇచ్చేయమనీ అదే పేరాలో చేర్చాలి.