వాసన పోతుంది, మచ్చ ఉంటుంది

అటక మీది ట్రంకుపెట్టెలోంచి 1950ల నాటి నెలపత్రికల బైండు ఒకటి దించారనుకోండి. అంచులు పసుపెక్కాయి. పేజీల మీద తుప్పురంగు చుక్కలున్నాయి. తెరవగానే ముక్క వాసన కొట్టింది. ఈ మూడింటికీ కారణాలు వేరు, అందుకే మందూ ఒకటి కాదు.

చౌక కాగితాన్ని కలపను నూరి చేస్తారు. అందులో మిగిలిపోయే లిగ్నిన్ వెలుగూ గాలీ తగిలి పసుపెక్కుతుంది. కాగితంలోని ఆమ్లం నారను తెంపుతుంటుంది. చుక్కలకు బూజు, కాగితంలోని ఇనుపరజను, తేమ కారణమంటారు. వీటిని ఇంట్లో తుడిచెయ్యలేం. బ్లీచింగ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నిమ్మరసం రంగును తగ్గించినా నారను తినేస్తాయి. తెల్లబడిన పేజీ కొన్నాళ్లకు చేతిలో విరుగుతుంది. మచ్చను మచ్చగానే ఉంచడం పుస్తకానికి మేలు.

వాసన సంగతి వేరు. అది తేమలో పెరిగిన బూజు వదిలేది, కాబట్టి ముందు తేమను పోగొట్టాలి. పుస్తకాన్ని నిలబెట్టి, అట్టలు కొంచెం తెరిచి, పేజీలు విసనకర్రలా విడిపోయేలా నీడలో ఉంచండి. గదిలో ఫ్యాను తిరగాలి, కానీ గాలి నేరుగా పేజీల మీదికి కొట్టకూడదు. ఎండలో పెడితే వాసన తగ్గొచ్చు, పసుపు మాత్రం ముదురుతుంది. వానాకాలంలో అయితే ఏసీ గది మేలు.

బూజును మెత్తని బ్రష్షు కొసతో ఒక్కచోట తాకి చూడండి. అది జిడ్డులా పూసుకుపోతే ఇంకా తడిగా ఉన్నట్టే. ఆగండి, మళ్లీ ఆరనివ్వండి. పొడిలా లేస్తే శుభ్రం చెయ్యవచ్చు. ఈ పని ఇంటి బయట, ఎన్95 మాస్కూ చేతి తొడుగులూ వేసుకుని చెయ్యాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు దీనికి పూనుకోవద్దు. బైండు కుట్టు దగ్గర్నుంచి బయటి అంచువైపు, ఒక్కో పేజీనీ తేలిగ్గా దులపండి. అంచుల నుంచి ముక్కలు రాలుతుంటే దులపడం మానేసి, ఫొటోలు తీసుకుని, మిగిలింది కాగిత సంరక్షకులకే వదలండి.

ఆ తర్వాత మూతగల ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున వెడల్పు గిన్నెలో వంటసోడా పొయ్యండి. పైన జాలీ పెట్టి దానిమీద పుస్తకాన్ని కాస్త తెరిచి నిలబెట్టండి. సోడా పొడి కాగితానికి తగలకూడదు. పేజీల మధ్య చల్లితే మళ్లీ వదలదు. మూత బిగించి వారానికోసారి వాసన చూడండి. తగ్గకపోతే సోడా మార్చండి. గట్టి వాసనకు నెల పట్టినా ఆశ్చర్యం లేదు. సెంటు, నాఫ్తలీన్ ఉండలు వాసన మీద ఇంకో వాసన కప్పుతాయంతే.

మళ్లీ అదే పెట్టెలో పెట్టకండి. గాలాడే అరలో, బయటి గోడకు ఆనకుండా ఉంచండి. చవకగా దొరికే తేమమీటరు ఒకటి పక్కన పెట్టి, 60 శాతం దాటుతున్న రోజుల్లో పుస్తకాన్ని తీసి చూస్తుండండి.