పర్సంటైల్ 16 అంటే పదహారు మార్కులు కాదు

బడిలో చదువు సాగని పిల్లలకు మానసిక సామర్థ్య పరీక్ష చేయించమని డాక్టరుగారు రాస్తారు. రెండు మూడు గంటల పరీక్ష తరువాత సైకాలజిస్టు ఇచ్చే రిపోర్టులో అంకెల పట్టిక ఒకటి ఉంటుంది. తల్లిదండ్రులు ముందుగా చూసేది దాన్నే. చూసి, “సిస్టరుగారూ, మావాడికి నూటికి పదహారేనా?” అని మా దగ్గరకు వస్తారు.

ఆ పదహారు మార్కులు కాదు. అది వరుసలో స్థానం. అదే వయసు పిల్లలను వందమందిని తక్కువ చేసినవారి నుండి ఎక్కువ చేసినవారి వరకు వరుసగా నిలబెట్టామనుకోండి. పర్సంటైల్ 16 అంటే మీ బాబు కింది నుండి సుమారు పదహారో చోట ఉన్నాడని అర్థం. ప్రశ్నల్లో సగానికి పైగా సరిగ్గా చెప్పిన పిల్లవాడు కూడా ఆ చోటే ఉండవచ్చు. పర్సంటైల్ 50 అంటే ఫెయిలు కాదు, సరిగ్గా నడిమధ్య.

దాని పక్కనే స్కేల్డ్ స్కోరు అని ఇంకొక అంకె ఉంటుంది. వెక్స్‌లర్ పరీక్షల్లో ఇది 1 నుండి 19 వరకు ఉంటుంది, సగటు 10. పిల్లల్లో మూడింట రెండు వంతులమంది 7కూ 13కూ మధ్యనే ఉంటారు. స్కేల్డ్ స్కోరు 7 అంటే పర్సంటైల్ 16. అంటే మీరు భయపడిన ఆ పదహారు, ఈ మధ్య గుంపు అంచున ఉన్నట్టే.

ఈ రెండు అంకెలూ ఒకే రీతిగా నడవవు. స్కోరు 10 నుండి 9కి ఒక్క మెట్టు దిగితే పర్సంటైల్ 50 నుండి 37కు పడుతుంది. అదే 4 నుండి 3కు దిగితే 2 నుండి 1కి మాత్రమే. మధ్యలో జనం కిక్కిరిసి ఉంటారు, చివర పలుచగా ఉంటారు, అందుకే ఈ తేడా. కనుక “నిరుడు 50 ఉండేది, ఈ ఏడు 37 అయింది, పిల్లవాడు పడిపోయాడు” అనుకోవడం సరికాదు. ఒక మెట్టు తేడా ఆ రోజు నిద్ర చాలకపోయినా రావచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. నాలుగో తరగతి బాబు. మాటల అర్థాలు చెప్పడంలో 11, దిమ్మెలతో బొమ్మ కట్టడంలో 10 వచ్చాయి. అంకెలకు ఎదురుగా గుర్తులు చూసి త్వరత్వరగా ఎక్కించే పరీక్షలో 6 వచ్చింది, అంటే పర్సంటైల్ 9. ఆ తొమ్మిదిని చూసి ఇంట్లో అందరూ దిగులుపడ్డారు.

పుట్టిన తేదీ అడిగితే అసలు సంగతి బయటపడింది. బడిలో చేర్చేటప్పుడు వయసు కలిపి రాయించారు. సర్టిఫికెట్టు ప్రకారం 9 ఏళ్ల 3 నెలలు, నిజానికి 8 ఏళ్ల 7 నెలలు. ఈ పరీక్ష పట్టికలు వయసును నాలుగేసి నెలలుగా విడదీస్తాయి. అందువల్ల బాబును తనకన్నా పెద్దవాళ్ల వరుసలో నిలబెట్టినట్టయింది. అసలు తేదీతో సైకాలజిస్టు మళ్లీ లెక్క చూస్తే ఆ 6 కాస్తా 7 అయింది, పర్సంటైల్ 9 నుండి 16కు వచ్చింది. పిల్లవాడు చేసిన పని అదే, పోల్చిన పిల్లలు మారారు. మన ఊళ్లలో జూన్ నెలలో పుట్టినట్టు రాయించుకున్న పిల్లలు ఎంతమందో మీకూ తెలుసు! పరీక్ష రోజున బడి తేదీ కాదు, ఇంట్లో మీరెరిగిన తేదీ చెప్పండి. ఆసుపత్రి జనన పత్రం ఉంటే మరీ మంచిది.

ఇంకొకటి, ఆ బాబు కళ్లద్దాలు ఇంట్లో మరచి వచ్చాడు. గుర్తులు చూసి రాసే పరీక్షకు అది పెద్ద లోటే. వయసు సరిదిద్దితే ఈ లోటు తీరదు.

అందుకే రిపోర్టులో అంకె ఒంటరిగా ఉండకూడదు. ఆ బాబు రిపోర్టులో చివరకు సైకాలజిస్టు ఇలా రాశారు: “గుర్తులు ఎక్కించడంలో స్కేల్డ్ స్కోరు 7, పర్సంటైల్ 16. మళ్లీ పరీక్షిస్తే 6కూ 8కీ మధ్య రావచ్చు. తన వయసు పిల్లల సగటుకన్నా కొంత తక్కువ. కళ్లద్దాలు లేకుండా చేసినందున ఈ ఒక్క అంకెను బట్టి నిర్ణయించరాదు. మాటల్లో, ఆలోచనలో సగటు సామర్థ్యం ఉంది.” బడి మాస్టారికి ఇందులో పనికివచ్చే సంగతి ఉంది. వట్టి “పర్సంటైల్ 9” అని రాసి ఇస్తే ఆయన ఏమనుకునేవారో ఊహించండి.

మీ చేతికి వచ్చిన రిపోర్టులో ఇలాంటి వాక్యాలు లేకుండా పట్టిక మాత్రమే ఉంటే, దాన్ని బడికి పంపకముందే సైకాలజిస్టు దగ్గరకు తిరిగి తీసుకువెళ్లండి. ఏ తేదీతో లెక్క కట్టారు, స్కోరు ఎంత అటూ ఇటూ కావచ్చు, ఆ రోజు పిల్లవాడు ఎలా ఉన్నాడు అని మూడు మాటలు అడిగి, జవాబులు అందులోనే రాసి ఇమ్మనండి.