డిస్‌ప్లే వారంటీ: రెండు తేదీల లెక్క

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఫోన్ డిస్‌ప్లే కొంటే, చాలాసార్లు దాని వెనక గోరంత స్టిక్కరు ఒకటి కనిపిస్తుంది. హోల్‌సేల్ దుకాణం గుర్తు, అమ్మిన తేదీ దాని మీద ఉంటాయి. స్టిక్కరు చిరిగితే ఆ సరుకు వెనక్కి తీసుకోరు. అద్దం మీది పల్చటి ప్లాస్టిక్ పొర ఊడినా అంతే. అదే డిస్‌ప్లే ఏ జిల్లా కేంద్రంలోనో బస్టాండు ఎదుటి రిపేరు కౌంటరుకు చేరాక మాత్రం, గోడ మీది బోర్డు ధీమాగా ‘మూడు నెలల వారంటీ’ అంటుంది. హోల్‌సేలరు ఇచ్చిన మాటకూ, కౌంటరు ఇచ్చిన మాటకూ మధ్య ఎంత ఎడముంటే కౌంటరు లాభానికి అంత చిల్లు.

రిపేరు కౌంటరుకు వచ్చే పనుల్లో పగిలిన డిస్‌ప్లే మార్చడం, బ్యాటరీ వేయడం, ఛార్జింగ్ పిన్ను సరిచేయడం ముఖ్యమైనవి. వీటిలో డబ్బు ఎక్కువగా ఇరుక్కునేది డిస్‌ప్లేలోనే. టచ్, తెర కలిసి ఒకే ముక్కగా వస్తాయి కాబట్టి బజారులో దీన్ని ‘కాంబో’ అంటారు, హైదరాబాద్ హోల్‌సేల్ దుకాణాల్లో ‘ఫోల్డర్’ అనీ అంటారు. ఒకే ఫోనుకు ఇది నాలుగైదు రకాలుగా దొరుకుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లకు వెళ్లే సరుకును ‘సర్వీస్ ప్యాక్’ అంటారు. శాంసంగ్ సర్వీస్ ప్యాక్ పెట్టె మీద చాలాసార్లు GH82 అని మొదలయ్యే నంబరుంటుంది. తర్వాత పాత ఫోన్ల నుంచి తీసినవి, కంపెనీ తెరకు కొత్త అద్దం అతికించినవి ఉంటాయి. చివర రకరకాల కాపీలు.

కాపీ అంటే మోసమనేమీ కాదు, ఏ రకమో చెప్పి అమ్మినంతవరకు. ఆరేడు వేల రూపాయల ఫోనుకు నాలుగు వేల డిస్‌ప్లే వేయించుకునేవాళ్లు తక్కువ. చిక్కంతా రకం చెప్పకుండా అమ్మినప్పుడే వస్తుంది. అమోలెడ్ తెర ఉన్న ఫోనుకు చవక టీఎఫ్‌టీ కాపీ వేస్తే రంగులు పాలిపోతాయి, నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. తెర కింద వేలిముద్ర సెన్సరు ఉన్న ఫోనైతే అది పనిచేయడమే మానేస్తుంది. ఎందుకంటే ఆ సెన్సరు తెరలోంచి వచ్చే వెలుగుతోనే వేలిని చూస్తుంది, టీఎఫ్‌టీ వెనక ఉండే లైటు పొర ఆ వెలుగును రానివ్వదు. ఇందులో మెకానిక్ పనితనం లోపమేమీ లేదు. అయినా కస్టమరు మర్నాడే ఫోను పట్టుకుని తిరిగొస్తాడు, ఆ రాక కూడా వారంటీ ఖాతాలోనే పడుతుంది.

సరుకు నమ్మకంగా దొరకాలంటే మంచి హోల్‌సేలరు ఉంటే చాలనుకుంటారు. అతని మంచితనాన్ని కొలిచే పద్ధతి కౌంటరు దగ్గర లేకపోతే ఆ నమ్మకం గాలిమాటే. అనుభవమున్న కౌంటరువాళ్లు కొత్త దుకాణం నుంచి మొదట ఒక్కో మోడలుకు రెండు మూడు ముక్కలే తెప్పిస్తారు. కోఠి నుంచో అబిడ్స్ జగదీశ్ మార్కెట్ నుంచో బస్సు పార్సిల్‌లో వచ్చిన ప్రతి డిస్‌ప్లే స్ట్రిప్ మీద సన్నటి మార్కరుతో దుకాణానికో అక్షరం, కొన్న తేదీ రాస్తారు. రెండు నెలల తర్వాత ఏ అక్షరం సరుకు ఎన్నిసార్లు తిరిగొచ్చిందో పుస్తకంలో లెక్క తీస్తే, ఎవరి సరుకు ఎలాంటిదో దానంతటదే తెలిసిపోతుంది. ఇద్దరు హోల్‌సేలర్లను అట్టిపెట్టుకోవడం కూడా ఇందుకే. ఒకరి దగ్గర లాట్ మారి నాణ్యత పడిపోతే ఆ పూటే రెండోవారికి ఆర్డరు పెట్టొచ్చు.

ఏ మోడళ్లు నిల్వ ఉంచాలన్నది ఇంకో ప్రశ్న. రెడ్‌మీ 9ఏ, 9ఐ, 10ఏ ఫోన్లకు బజారులో ఒకే కాంబో అమ్ముతారు. అలాంటి ముక్క సొరుగులో ఎక్కువ రోజులు ఉండదు. ఊళ్లో పదిమంది దగ్గర కూడా లేని మోడలైతే అడ్వాన్సు తీసుకున్నాకే ఆర్డరు పెట్టాలి. నిల్వ గురించి ఇంత జాగ్రత్త ఎందుకంటే సొరుగులో గడిచే ప్రతి రోజూ వారంటీని తినేస్తుంది.

హోల్‌సేలరు వారంటీ అతను బిల్లు వేసిన రోజున మొదలవుతుంది. కస్టమరుకిచ్చే వారంటీ ఫోనుకు బిగించిన రోజున మొదలవుతుంది. హోల్‌సేలరు 30 రోజులు ఇచ్చాడు, ముక్క సొరుగులో 20 రోజులు ఉంది, కౌంటరు కస్టమరుకు 30 రోజులు ఇచ్చింది అనుకుందాం. బిగించాక మొదటి 10 రోజుల్లో పాడైతేనే హోల్‌సేలరు మార్చి ఇస్తాడు. మిగతా 20 రోజుల్లో ఏం జరిగినా భారం కౌంటరుదే. కొన్ని దుకాణాలైతే ‘టెస్టింగ్ వారంటీ’ మాత్రమే ఇస్తాయి. బిగించకముందు తగిలించి చూసుకోవచ్చు, ఆ తర్వాత వాళ్లకు సంబంధం లేదు. అలాంటి సరుకు ఎంత చవకైనా కస్టమరుకిచ్చే వారంటీ మొత్తం కౌంటరు జేబులోంచే వెళ్తుంది. అందుకే ధర అడిగేటప్పుడే ‘వారంటీ ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి?’ అని కూడా అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోవాలి.

పోనీ, వారంటీ ఏమీ రాయకుండా ఊరుకుంటే? అది కౌంటరుకే నష్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. బిల్లులో గడువే లేకపోతే 30 రోజులని చట్టం లెక్కవేస్తుంది. అంటే గడువు, షరతులు కాగితం మీద పెడితేనే ఏది దేనికి వర్తిస్తుందో కౌంటరు తన వైపు నుంచి చెప్పగలిగేది.

ఇక లెక్కలోకి వెళ్దాం. ఒక చిన్న పట్టణంలోని కౌంటరు నెలకు 40 డిస్‌ప్లేలు మారుస్తుందనుకుందాం. ఒక్కోటి 750 రూపాయలకు కొని 1,400కు వేస్తుంది. చేతికొచ్చేది 56,000. సరుకు ఖరీదు 30,000 పోను 26,000 మిగులుతుంది. అద్దె, కరెంటు, కుర్రాడి జీతంలో ఈ పని వాటా 14,000 తీసేస్తే లాభం 12,000. ఆ నెలలో ఐదు డిస్‌ప్లేలు తిరిగొచ్చాయి. మూడింట్లో నిజంగానే లోపముంది, రెండు ఒత్తిడికి పగిలినవి. గొడవెందుకని ఐదింటినీ ఉచితంగా మారిస్తే 3,750 పోతుంది. లాభం 8,250కి, అంటే దాదాపు మూడో వంతు తక్కువకు దిగుతుంది.

అదే కౌంటరు ఒత్తిడికి పగిలిన రెండింటికి లాభం వేసుకోకుండా సరుకు ఖరీదు తీసుకుందనుకోండి. లోపమున్న మూడింటిలో గడువు దాటని రెండింటిని హోల్‌సేలరు దగ్గర మార్పించుకుంది. అప్పుడు నష్టం ఒక డిస్‌ప్లే 750, పార్సిల్ ఖర్చు ఓ వంద, మొత్తం 850. లాభం 11,150 దగ్గర నిలుస్తుంది. గడువు దాటిపోయి మూడూ మీద పడినా నష్టం 2,250. నలభై మీద పంచితే ఒక్కోదానికి 60 రూపాయలకు లోపే. ఆ 60ని మొదటే ధరలో కలిపేసుకుంటే నెలాఖరున వారంటీ చూసి గుండె దడ ఉండదు. దానికి అదనంగా, ‘మామూలు రకం, 30 రోజులు’, ‘మంచి రకం, 90 రోజులు’ అని రెండు ధరలు చెప్పే కౌంటర్లూ ఉన్నాయి. హోల్‌సేలరు దగ్గర మంచి రకానికి ఎక్కువ గడువు దొరికితేనే ఈ పద్ధతి నిలబడుతుంది.

లోపమేదో, దెబ్బేదో గుర్తుపట్టడం రావాలి. ఒక చోట మొదలై సిరాలా పరుచుకునే నల్లమచ్చ, అద్దం చిట్లకపోయినా, దాదాపు ఎప్పుడూ ఒత్తిడి గుర్తే. పైనుంచి కిందికి గీతలు పడుతూ, స్ట్రిప్ దగ్గర కాస్త నొక్కితే పోతూ వస్తూ ఉంటే స్ట్రిప్ అతుకులో లోపం ఉండొచ్చు. దానంతటదే టచ్ నొక్కుకుంటుంటే ముందు ఛార్జరు తీసి చూడాలి. నాసి ఛార్జరు వల్ల కూడా అలా జరుగుతుంది.

కొన్నిటికి మాత్రం కారణం బిగించిన చేతుల్లోనే ఉంటుంది. బ్యాటరీ కనెక్టరు తీయకుండా డిస్‌ప్లే తగిలిస్తే బోర్డు మీది బ్యాక్‌లైట్ సర్క్యూట్ కాలిపోవచ్చు. బొమ్మ ఉంటుంది, వెలుగుండదు. ఉబ్బిన బ్యాటరీ మీద కొత్త డిస్‌ప్లే అతికిస్తే అది లోపలి నుంచి తోస్తూ తెర మీద తెల్లటి మచ్చలు తెస్తుంది. వంగిన ఫ్రేములో బిగించిన అద్దం జేబులో పెట్టుకున్నా చిట్లుతుంది. అందుకే ఫోను తీసుకునేటప్పుడే ఫ్రేము, బ్యాటరీ చూసి, ‘ఫ్రేము వంగి ఉంది, అద్దానికి వారంటీ లేదు’ అని రాసి కస్టమరు సంతకం తీసుకోవాలి. అలాగే గమ్ పూయకముందే, ప్లాస్టిక్ పొర తీయకముందే, డిస్‌ప్లేను తగిలించి టచ్ మూలమూలా లాగి చూడాలి. లోపం ఆ క్షణంలో బయటపడితే అది హోల్‌సేలరు ఖాతాలో ఉంటుంది. గమ్ ఆరాక బయటపడితే కౌంటరు ఖాతాలోకి మారుతుంది.

బిల్లు వెనక నాలుగు లైన్లు చాలు. ఫలానా రకం డిస్‌ప్లే, బిగించిన తేదీ నుంచి 30 రోజులు, టచ్‌కూ తెరకూ వారంటీ. పగులు, ఒత్తిడి మచ్చ, నీళ్లు, వేరేచోట విప్పడం దీని కిందికి రావు. వారంటీలో మార్చిన ముక్కకు గడువు మొదటి తేదీ నుంచే లెక్క. నీళ్లలో పడిన ఫోనుకు వారంటీ లేదు. కస్టమరు డబ్బు ఇవ్వకముందే వీటిని చదివి వినిపించాలి. ‘అన్నా, ఇది కాపీ, పగిలితే మార్చేది లేదు’ అని అప్పుడే ఒక్క మాట చెప్తే, ఇరవై రోజుల తర్వాత కౌంటరు ముందు జరిగే రభస సగం తగ్గుతుంది.

నెలాఖరున పుస్తకం తెరిచి చూసేవి మూడే: తిరిగొచ్చిన ముక్క మీది అక్షరం, కొన్న తేదీ, బిగించిన తేదీ. ఒకే అక్షరం పదేపదే కనిపిస్తే ఆ దుకాణానికి ఆర్డర్లు తగ్గించాలి. రెండు తేదీల మధ్య ఎడం పెరుగుతుంటే తప్పు సరుకులో లేదు, నిల్వలో ఉంది. పాత తేదీ ముక్కను ముందు వాడాలి, ఆ మోడలుకు తర్వాతి పార్సిల్లో ఐదు బదులు రెండే తెప్పించాలి.